రాత్రి డ్యూటీకి దాత ఎవరు?
(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సమయానికి కోశాధికారి లేచి జమా ఇంత, ఖర్చు ఇంత, నిల్వ ఇంత అని చదవడం, మీరు చేతులెత్తి ఆమోదించడం ఆనవాయితీ. ఆడిట్ అయిన లెక్కలు మీ చేతుల్లో ఉన్న పుస్తకంలోనే అచ్చయి ఉన్నాయి కనుక వాటిని మళ్ళీ చదవను. ఈసారి మన వృద్ధాశ్రమం బడ్జెట్ ఒక్కటే తీసుకుని, దాన్ని ఎలా వేశామో, ఎక్కడ తప్పు వేశామో చెబుతాను. ఆ తప్పు నాదే. మొదటి సంవత్సరం బడ్జెట్ రాసింది నేనే.

మన ఇంట్లో ఇప్పుడు 24 మంది పెద్దలు ఉన్నారు. అందులో 14 మంది తమ పనులు తాము చేసుకోగలరు. ఆరుగురికి స్నానానికి, బాత్‌రూమ్‌కు వెళ్ళడానికి చెయ్యి అందించాలి. నలుగురు పూర్తిగా మంచం మీదే. మొదటి బడ్జెట్‌లో మనిషికి నెలకు 15,700 రూపాయలు చాలునని రాశాను. ఏడాది తిరిగేసరికి నిజంగా అయిన ఖర్చు 20,750. మనిషికి 5,050 తేడా. 24 మందికి కలిపితే నెలకు 1,21,200 రూపాయలు. ధరలు పెరిగి వచ్చిన తేడా కాదిది. బియ్యం, పప్పు, అద్దె దాదాపు నేను రాసినట్టే అయ్యాయి. తేడా అంతా మూడు చోట్ల వచ్చింది: డ్యూటీ చేసే మనుషులు, డైపర్లు, ఆసుపత్రి. అందులోనూ ముప్పాతిక పైన, అంటే 94,500 రూపాయలు, మనుషుల దగ్గరే.

అది ఎలా జరిగిందో చెబుతాను. ఆయాల పని మూడు షిఫ్టులు. పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఒకటి, 2 నుంచి రాత్రి 10 వరకు ఒకటి, 10 నుంచి తెల్లవారి 6 వరకు ఒకటి. పొద్దున స్నానాలు, పక్కలు మార్చడం, టిఫిన్ తినిపించడం అన్నీ ఒకేసారి వస్తాయి కాబట్టి ముగ్గురు కావాలి. మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరు. మొత్తం రోజుకు ఏడుగురు. నేను బడ్జెట్‌లో ఏడుగురు ఆయాలని రాశాను. చూడ్డానికి లెక్క సరిగ్గానే ఉంది కదా? కమిటీలో కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

కానీ రోజుకు ఏడు డ్యూటీలంటే ఏడాదికి 2,555 డ్యూటీలు. పెద్దలకు ఆదివారం సెలవు ఉండదు, పండగ సెలవు ఉండదు. మనిషికి మాత్రం ఉండాలి. ఒక ఆయా ఏడాదిలో 365 రోజులు రాదు. వారానికొక సెలవు తీసేస్తే 313 రోజులు. పండగలు, జ్వరాలు, పిల్లల పరీక్షలు, చుట్టాల ఇంట్లో పెళ్ళిళ్ళు, చావులు కలిపి ఇంకో 25 రోజులు తీసేయండి. మిగిలేది 288. ఇప్పుడు 2,555ను 288తో భాగిస్తే దాదాపు 8.9 వస్తుంది. కావలసింది తొమ్మిది మంది. నేను రాసింది ఏడుగురు.

ఇదే లెక్కను ఇంకోలా చెబుతాను, ఇది గుర్తుంచుకోవడం తేలిక. ఒక మంచం పక్కన 24 గంటలూ ఒక మనిషి ఉండాలంటే జీతాల పట్టీలో ముగ్గురుంటే చాలదు, నలుగురు ఉండాలి. మూడు షిఫ్టులకు ముగ్గురు, ఆ ముగ్గురి సెలవులు మోయడానికి నాలుగో మనిషి. వృద్ధాశ్రమం పెట్టాలనుకునే వాళ్ళు ఎవరు సలహా అడిగినా నేను మొదట చెప్పేది ఇదే.

మరి ఏడుగురితో ఏం జరిగింది? తక్కువైన డ్యూటీలను ఉన్నవాళ్ళతోనే లాగించాం. వారపు సెలవు రోజున పిలిపించాం. మధ్యాహ్నం షిఫ్టు చేసిన అమ్మాయినే రాత్రికీ ఉండమన్నాం. రెండు నెలలు గడిచాక మేనేజర్ గారు చెప్పకుండానే మూడు షిఫ్టులు రెండు షిఫ్టులయ్యాయి, 12 గంటల చొప్పున. మూడో నెలలో ఇద్దరు ఆయాలు మానేశారు. కొత్తవాళ్ళు దొరికేదాకా రాత్రిపూట ఇద్దరి బదులు ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ పొద్దుటి నుంచీ నిలబడ్డ మనిషే.

మంచం మీద ఉన్నవారిని ప్రతి రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. మన ఇంట్లో ఒక నానీకి అదే జరిగింది. మొదట ఎరుపు, వారంలో పుండు, తర్వాత చీము, జ్వరం. గాలి పరుపు కొన్నాం, రోజూ డ్రెస్సింగ్, ఇంజెక్షన్లు, 11 రోజులు ఆసుపత్రి. మొత్తం 46,000 రూపాయలు అయ్యాయి. ఒక ఆయా జీతం మన దగ్గర 12,000. అంటే ఒక్క పుండుకు దాదాపు నాలుగు నెలల ఆయా జీతం పోయింది. ఆమె పడ్డ బాధకు ఏ పద్దూ లేదు. ఆయా జీతంలో మిగిల్చామనుకున్న డబ్బు మందుల షాపు బిల్లుగా తిరిగొచ్చింది.

ఇలాంటిది జరుగుతున్నప్పుడు కమిటీ సభ్యులు బయటి నుంచి ఎలా తెలుసుకోవాలి? రెండు గుర్తులు చెబుతాను. మొదటిది, పక్క తిప్పిన సమయం రాసే కాగితం. మంచానికి ఒకటి తగిలించి ఉంటుంది. రాత్రి 10 నుంచి 6 వరకు ఉన్న టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే ఊపులో పెట్టినట్టుంటే అవి తెల్లవారుజామున కూర్చుని ఒకేసారి పెట్టినవి. రెండోది, డైపర్ల స్టాకు. నలుగురికి రోజుకు మూడు చొప్పున, ఇంకో ఇద్దరికి రాత్రికి ఒకటి చొప్పున నెలకు 420 డైపర్లు కావాలి. ఒక నెల 310తో సరిపెట్టామని రిజిస్టర్‌లో చూసి నేను పొదుపు అని సంతోషించాను. అది పొదుపు కాదు. రాత్రిపూట మార్చే మనిషి లేక, తడిసిన డైపర్‌తోనే వాళ్ళు తెల్లవార్లూ పడుకున్నారని అర్థం. ఖర్చు తగ్గిన ప్రతిసారీ ఎందుకు తగ్గిందో అడగాలని ఆ నెల నాకు నేర్పింది.

ఇప్పుడు మన ఇంట్లో తొమ్మిది మంది ఆయాలు ఉన్నారు. పొద్దున, మధ్యాహ్నం షిఫ్టులకు కలిపి ముగ్గురు నర్సులు, ఇద్దరు వంటవాళ్ళు, వంటకు సాయం ఒకరు, శుభ్రం చేసేవారు ఇద్దరు, వాచ్‌మన్, మేనేజర్. మొత్తం 19 మంది. జీతాలు నెలకు 2,53,000. ఈఎస్ఐలో యజమాని వాటా 3.25 శాతం కింద 7,500. ఏడాదికి ఒక నెల జీతం బోనస్‌గా, సర్వీసు బాపతుగా ఇవ్వడానికి నెలనెలా పక్కన పెట్టేది 21,000. ఈ మూడూ కలిపితే 2,81,500. మొత్తం ఖర్చులో సగానికి పైన. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. సిబ్బంది 20కి చేరితే పీఎఫ్ చట్టం కిందికి వస్తాం. కాబట్టి 20వ మనిషిని తీసుకునేటప్పుడు ఒక్క జీతమే కాదు, అందరి పీఎఫ్ వాటా కూడా బడ్జెట్‌లోకి వస్తుంది. కనీస వేతనాలలో కరువు భత్యం కూడా ఆరు నెలలకోసారి మారుతుంది కనుక జీతాల పద్దును ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి సరిచూసుకోవాలి.

పండగల డ్యూటీ గురించి కొందరు అడిగారు. ఆయాల్లో ఐదుగురు ముస్లింలు, నలుగురు ముస్లిమేతరులు. రెండు ఈద్‌లకు వాళ్ళు నలుగురూ నిలబడతారు, సంక్రాంతికీ క్రిస్మస్‌కూ మనవాళ్ళు నిలబడతారు. ఈ ఏర్పాటు కమిటీ చేసింది కాదు, వాళ్ళలో వాళ్ళే చేసుకున్నారు. రంజాన్ నెల మాత్రం కమిటీ చూసుకోవాలి. ఉపవాసం ఉండగలిగిన పెద్దలు ఆరేడుగురికి సహరీ వండడానికి వంటగది తెల్లవారుజామున మూడున్నరకే తెరవాలి. ఉండలేనివారికి మామూలు వేళకే టిఫిన్, భోజనం పెట్టాలి. ఒక వంటగదిలో రెండు కాలపట్టికలన్న మాట. ఆ నెలకు వంటకు ఇంకో సాయం మనిషిని పెట్టుకుని, ఆ డబ్బు ముందే రాసుకోవాలి.

ఇక భోజనం. పెద్దలు 24 మంది, డ్యూటీలో ఉండి ఇక్కడే తినే సిబ్బంది సగటున 8 మంది. 32 మందికి వంట. మనిషికి పావు కిలో బియ్యం చొప్పున రోజుకు 8 కిలోలు, అంతే తూకం కూరగాయలు. పెద్దలకు పాలు, పెరుగు, సిబ్బందికి టీ కలిపి రోజుకు 8 లీటర్ల పాలు. పప్పు, నూనె, గుడ్లు, వారానికి రెండుసార్లు కోడికూర, పండ్లు, గ్యాస్ అన్నీ కలిపి నెలకు 84,000. రోజుకు 2,800. ఈ 2,800 అంకెను దయచేసి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

భోజనంలో మన కష్టం డబ్బు కొరత కాదు. వచ్చేది ఒకేసారి రావడం. తల్లిదండ్రుల పేరు మీద, పిల్లల పుట్టినరోజు మీద, శుక్రవారం రోజు మీద దాతలు ప్రేమతో బిరియానీ పంపుతారు. ఒకే శుక్రవారం మూడు డేగ్చాలు వచ్చిన రోజు ఉంది. మన 24 మందిలో సగం మందికి పైగా షుగర్ ఉంది. నలుగురికి మెత్తగా చేసి స్పూన్‌తో తినిపించాలి. ఆ రోజు బిరియానీ వచ్చినా వాళ్ళకు విడిగా జావ, కిచిడీ వండాల్సిందే. మిగిలినది పక్క వీధికి పంచాం. ఆ మర్నాడు మంగళవారం వరకు ఎవరూ లేరు. బక్రీద్‌కు వచ్చే మాంసమూ అంతే. ఫ్రీజర్ పట్టేంత వరకే తీసుకోగలం. అందుకే వండిన భోజనం బదులు ఒక రోజు భోజనం ఖర్చు 2,800 రూపాయలు ఇవ్వమని, మీకు నచ్చిన తేదీ రాయించుకోమని అడుగుతున్నాం. ఆ రోజు మీరు మీ పిల్లలతో వచ్చి పెద్దలతో కలిసి కూర్చుని తినండి. వంట మాత్రం మన వంటగదిలో, వాళ్ళ ఒంటికి సరిపడేలా జరగనివ్వండి.

వైద్యం ఖర్చు నెలకు 53,300. బీపీ, షుగర్, థైరాయిడ్ లాంటి రోజువారీ మందులు జనఔషధి కేంద్రం నుంచి తెస్తున్నాం కాబట్టి మనిషికి 450తో సరిపోతోంది, మొత్తం 10,800. డైపర్లు 14,700. మందుల కంటే డైపర్ల ఖర్చే ఎక్కువన్నది గమనించండి. మొదటి బడ్జెట్‌లో వాటికి అసలు పద్దే రాయలేదు, ‘ఇతర ఖర్చులు’లో సర్దుకుంటాయనుకున్నాను. వారానికోసారి వచ్చే డాక్టర్ గారి పారితోషికం 6,000. మూడు నెలలకోసారి చేయించే రక్తపరీక్షల వంతు 4,800. గ్లవ్స్, దూది, షుగర్ చూసే పట్టీల వంటివి 5,000. ఆసుపత్రి నిధి 12,000.

ఈ ఆఖరి పద్దు చూసి కొందరు ‘70 ఏళ్ళు దాటినవారికి ఆయుష్మాన్ కార్డు ఉంది కదా, ఇదెందుకు’ అన్నారు. నిజమే. 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు వచ్చింది. అర్హులందరికీ తీయించాం కూడా. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యానికి. ఇంటి దగ్గర వాడే మందులకు, డైపర్లకు, ఆటోకు, ఆసుపత్రి మంచం పక్కన కూర్చునే మనిషికి అది రాదు. కూర్చునే మనిషే అసలు ఖర్చు. పిల్లలున్న పెద్దలకు పిల్లలు వస్తారు. ఎవరూ లేనివారు ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంటే మనం 15 డ్యూటీలు పంపాలి. తొమ్మిది మంది ఆయాలతో ఏడాది మొత్తానికి మనకు మిగిలే డ్యూటీలు 37. రెండుసార్లు ఆసుపత్రికి వెళ్తే అయిపోతాయి. అందుకే ఆసుపత్రి నిధిలోంచి రోజుకూలీ మీద అటెండెంట్‌ను పెడుతున్నాం. చూశారా, వైద్యం పద్దు తెరిచినా అందులోంచి మళ్ళీ డ్యూటీ లెక్కే బయటికొస్తుంది.

ఇల్లు, దాని చుట్టూ ఉండే ఖర్చులు క్లుప్తంగా చెబుతాను. అద్దె 40,000. కరెంటు, నీళ్ళు, బట్టల ఉతుకు, వాహనం, రిపేర్లు, ఆడిట్, ఎవరైనా కన్నుమూస్తే అంత్యక్రియలకు పక్కన పెట్టేది కలిపి 39,200. మొత్తం 79,200. నాలుగు పద్దులూ కలిపితే నెలకు 4,98,000. దాన్ని 24తో భాగిస్తే వచ్చేదే ముందు చెప్పిన 20,750.

ఇప్పుడు జమ వైపు చూద్దాం. మొదట పెద్దలు ఇచ్చేది. ఐదుగురి పిల్లలు నెలకు 20,000 చొప్పున ఇస్తారు. ఏడుగురి పిల్లలు 10,000 చొప్పున. ఆరుగురికి పింఛనే ఆధారం, వాళ్ళ దగ్గర 2,000 తీసుకుంటాం. మిగిలిన ఆరుగురు ఏమీ ఇవ్వలేరు. కాగితం మీద ఇది 1,82,000.

పింఛను సంగతిలో కమిటీలో పెద్ద చర్చ జరిగింది. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు నెలకు 4,000 వస్తుంది. తిండి, బట్ట, మందు అన్నీ మనమే చూస్తున్నప్పుడు మొత్తం తీసుకుంటే ఏమని కొందరు అడిగారు. సగమే తీసుకోవాలని చివరికి తీర్మానించాం. ఆ రెండు వేలతో వాళ్ళు ఫోన్ రీచార్జ్ చేయించుకుంటారు, తమలపాకులు తెప్పించుకుంటారు, పండక్కి వచ్చిన మనవడి చేతిలో ఈదీ పెడతారు. చేతిలో రూపాయి లేని మనిషి ఈద్ రోజు గదిలోంచి బయటికి రాకపోవడం మనం చూశాం. ఇంకో సంగతి, పింఛను ఇంటి దగ్గరికే తెచ్చి ఇస్తారు గనుక పాత ఊరి చిరునామాలోనే పేరున్నవారికి అందడం కష్టమవుతుంది. చేరిన నెలలోనే మన వార్డు సచివాలయానికి మార్పించాలి.

పిల్లలు ఇచ్చే డబ్బు కాగితం మీద ఉన్నంత రాదు. మొదటి మూడు నెలలు ఒకటో తారీఖున వస్తుంది, తర్వాత పదో తారీఖుకు, తర్వాత ‘అంకుల్, ఈ నెల కొంచెం ఇబ్బంది’ అని ఫోన్ వస్తుంది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళే దారి ఉంది, నెలకు 10,000 వరకు ఇప్పించే వీలుంది. కానీ మామూలుగా కేసు వేయాల్సింది ఆ తల్లో తండ్రో, లేదా వాళ్ళు అధికారం ఇచ్చినవారో. ‘నా కొడుకు మీద నేను సంతకం పెట్టను’ అనేవాళ్ళే అందరూ. డబ్బు ఆగిందని వాళ్ళను వీధిలో పెట్టలేం. కాబట్టి బడ్జెట్‌లోనే జాగ్రత్త పడాలి. పిల్లలు ఇస్తామన్న 1,70,000లో నూటికి 90 వస్తుందని, అంటే 1,53,000 అని రాసుకుంటున్నాం. పింఛన్ల వాటా 12,000 కలిపితే 1,65,000. ఖర్చు 4,98,000. దాతల నుంచి రావాల్సింది నెలకు 3,33,000.

ఇక్కడ విరాళాల గురించి నిక్కచ్చిగా మాట్లాడాలి. మనకు వచ్చే డబ్బంతా ఒకే రకం కాదు. రంజాన్‌లో ఎక్కువగా వచ్చేది జకాత్. మన ప్రాంతంలో అనుసరించే హనఫీ పద్ధతిలో జకాత్ అర్హుడైన మనిషికి సొంతం కావాలి. ఇంటి అద్దెకు, ఆయా జీతానికి సంస్థ నేరుగా ఖర్చు పెట్టకూడదు. మొదటి ఏడాది ఈ రెండు డబ్బులూ ఒకే ఖాతాలో వేశాం. ఆడిటర్‌కు అందులో తప్పు కనిపించలేదు, కానీ ఉలమాలను అడిగితే తప్పన్నారు. ఇప్పుడు ఖాతాలు వేరు. డబ్బు కట్టలేని 12 మంది గురించి విచారించాం. ఇద్దరు ముస్లిమేతరులు, వాళ్ళ ఖర్చు సదఖా, మామూలు విరాళాల నుంచి. ఒకావిడకు నిసాబ్‌కు మించిన బంగారం ఉంది, ఆమెకు జకాత్ చెల్లదు. మిగిలిన తొమ్మిది మంది అర్హులు. వాళ్ళ ఖాతాల్లో నెలకు 15,000 చొప్పున జకాత్ వేస్తాం, వాళ్ళు తమ ఖర్చు కింద ఆశ్రమానికి కడతారు. మతిస్థిమితం లేనివారి తరఫున బంధువు తీసుకుంటాడు.

ఒకసారి ఒక నానీ ఆ 15,000లో 3,000 తీసి మనవరాలి పరీక్ష ఫీజుకు పంపింది. మిగిలిన 12,000 మనకు కట్టింది. కమిటీలో ఒకరు కోప్పడ్డారు. అప్పుడు మౌలానా గారు, ఆమె అలా పంపగలిగింది కాబట్టే ఆ జకాత్ ఆమెకు నిజంగా సొంతమైందని, పంపే వీల్లేకుండా మనం కట్టడి చేసి ఉంటే అది కాగితం మీది ఆట అయ్యేదని అన్నారు. ఆ 3,000 ఆ నెల మన లెక్కలో లోటు. అలాంటి లోటుకు నేను సంతోషంగా సంతకం పెడతాను.

తొమ్మిది మందికి నెలకు 1,35,000. ఏడాదికి 16,20,000. ఇది రంజాన్‌లో ఒక్కసారిగా వస్తుంది, 12 నెలలు నిలవాలి. షవ్వాల్‌లో ఖాతా నిండుగా కనిపిస్తుంది, అప్పుడే కొత్త మంచాలు కొందామనిపిస్తుంది. అది మనది కాదు. ఉపవాసం ఉండలేని వారు ఇచ్చే ఫిద్యా కూడా పేదవారి భోజనానికే. దాన్ని ఆ తొమ్మిది మంది భోజనం కిందే ఖర్చు రాస్తాం.

రావాల్సిన 3,33,000లో జకాత్ 1,35,000 పోగా 1,98,000 మిగిలింది. భోజనం రోజులు నెలకు సగటున 20 నిండుతున్నాయి. రోజుకు 2,800 చొప్పున 56,000. ఇంకా 1,42,000 కావాలి. ఈ డబ్బు ఎవరి పేరు మీదా రాదు. ఇది రాత్రి పదింటికి వచ్చి తెల్లవారి ఆరింటికి వెళ్ళే ఆయా జీతం, అద్దె, కరెంటు. భోజనానికి దాత ఉన్నాడు, మందుకు దాత ఉన్నాడు, చక్రాల కుర్చీ మీద పేరు రాయించుకునే దాత ఉన్నాడు. రాత్రి మూడింటికి పక్క తిప్పే చేతికి దాత లేడు. అందుకే నెలకు 1,000 రూపాయలు క్రమంగా ఇచ్చే 142 మందిని వెతుకుతున్నాం. ఇప్పటికి 61 మంది చేరారు. ఇంకా 81 మంది కావాలి. అంటే ఈ రోజున మన లోటు నెలకు 81,000. ఏడాదికి 9,72,000. దాన్ని ఇప్పటివరకు పాత డిపాజిట్ విరగ్గొట్టి పూడుస్తున్నాం. ఆ డిపాజిట్ ఇంకో ఏడాదికి మించి రాదు.

ఇచ్చేవారికి రెండు సూచనలు. విరాళం మీద పన్ను మినహాయింపు కావాలంటే 2,000 దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారా పంపండి. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు భారత పాస్‌పోర్టు మీదే ఉన్నారు కనుక వాళ్ళ డబ్బు మామూలు ఖాతాకు రావచ్చు. కానీ అమెరికా లాంటి చోట పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం. మనకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదు. వాళ్ళు అభిమానంతో పంపినా మనం తీసుకోలేం, ముందే చెప్పండి.

చివరగా ఒక తీర్మానం మీ ముందు పెడుతున్నాను. మన దగ్గర చేరడానికి 11 మంది దరఖాస్తు పెట్టుకుని ఉన్నారు. అందులో ముగ్గురు మంచం మీద ఉన్నవారు. మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, మంచాలు కూడా దాతలు ఇచ్చారు. గదులున్నాయి, మంచాలున్నాయి, చేర్చుకోండని చాలామంది ఒత్తిడి తెస్తున్నారు. ఒక్కొక్కరి ఇంటి పరిస్థితి నాకు తెలుసు. వద్దని చెప్పి ఫోన్ పెట్టేసిన రాత్రి నాకూ నిద్ర పట్టదు. కానీ ఆ ముగ్గురు వస్తే రాత్రి ఇద్దరు ఆయాలు చాలరు, మూడో మనిషి కావాలి. రాత్రి షిఫ్టుకు ఒక మనిషిని పెంచాలంటే పట్టీలో ఒకటింపావు మనిషి పెరగాలి. పొద్దున కూడా ఒకరు పెరగాలి. అంటే ముగ్గురు ఆయాలు, నెలకు 36,000. దాంతో సిబ్బంది 20 దాటి పీఎఫ్ వస్తుంది. ఆ డబ్బు లేకుండా చేర్చుకుంటే, ఏడుగురు ఆయాలతో మనం ఏం చేశామో మళ్ళీ అదే చేస్తాం. ఈసారి తెలిసి చేస్తాం.

కాబట్టి నా తీర్మానం ఇది: క్రమంగా ఇచ్చే దాతలు 142కు చేరేదాకా మంచం మీద ఉన్నవారిని కొత్తగా చేర్చుకోకూడదు. ఆ పైన చేరే ప్రతి 36 మంది దాతలకు ముగ్గురు ఆయాలను పెట్టి, అప్పుడు ఆ ముగ్గురినీ తీసుకురావాలి. పీఎఫ్ భారం ఎంతో ఆ లోపు లెక్క కట్టి మీ ముందు పెడతాను. వ్యతిరేకించేవారు వ్యతిరేకించండి, కానీ లెక్క చూసి వ్యతిరేకించండి.

బయట బల్ల దగ్గర రెండు రిజిస్టర్లు పెట్టాం. ఒకటి భోజనం తేదీలది, అది ఎప్పుడూ నిండుతుంది. రెండోది రాత్రి డ్యూటీది. అందులో 62వ గీత ఖాళీగా ఉంది. వెళ్ళేటప్పుడు ఒకసారి చూసి వెళ్ళండి.